ఈసాప్ లాభానికి తప్పు సంవత్సరంలో పన్ను నోటీసు: గ్రాంట్, ఎక్సర్‌సైజ్ రికార్డులతో జవాబు ఇచ్చే విధానం

మార్చి నెలలో ఈసాప్ పథకం కింద తమకు వచ్చిన స్టాక్ ఆప్షన్లు ఎక్సర్‌సైజ్ చేసిన, అంటే ముందే నిర్ణయించిన ధర కట్టి కంపెనీ షేర్లు కోరిన ఉద్యోగులకు రెండు మూడేళ్ల తర్వాత ఒక తరహా నోటీసు వస్తుంటుంది. డబ్బు కట్టింది మార్చిలో, షేర్లు చేతికి వచ్చింది ఏప్రిల్‌లో. కంపెనీ పన్ను కోసింది కూడా ఏప్రిల్ జీతంలోనే. ఉద్యోగి ఆ మొత్తాన్ని తర్వాతి సంవత్సరపు రిటర్నులో చూపించి పన్ను కట్టేశాడు. మదింపు అధికారి చేతికి మాత్రం ఎక్సర్‌సైజ్ తేదీల జాబితా ఒక్కటే చేరింది. దాన్ని బట్టి ఆయన ముందు సంవత్సరంలో ఇంత ఆదాయం పన్నుకు దొరకకుండా పోయిందని భావించి సంజాయిషీ అడుగుతాడు. ఈ వ్యాసం ఆ ఒక్క పరిస్థితికే పరిమితం. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చినా, అంతకు ముందు సంవత్సరాల ఆదాయానికి 1961 నాటి చట్టమే వర్తిస్తుంది కనుక, ఇక్కడ పేర్కొన్న సెక్షన్లన్నీ ఆ పాత చట్టంలోనివి.

చట్టం చూసే తేదీలు రెండు

జవాబు రాయడానికి ముందు ఒక తేడాను స్పష్టంగా పట్టుకోవాలి, ఎందుకంటే వాదన మొత్తం దాని మీదే నిలుస్తుంది. సెక్షన్ 17(2)(vi) ప్రకారం పెర్క్విజిట్, అంటే జీతంలో భాగంగా పన్ను పడే ప్రయోజనం అయ్యేది యజమాని ఉచితంగా గానీ తక్కువ ధరకు గానీ ఉద్యోగికి "కేటాయించిన లేదా బదిలీ చేసిన" షేర్ల విలువ. అంటే పన్నుకు కారణమయ్యే ఘటన షేర్ల కేటాయింపు. ఆ విలువను ఎలా లెక్కించాలో చెప్పే వివరణ మాత్రం, ఆప్షన్‌ను ఎక్సర్‌సైజ్ చేసిన రోజు నాటి మార్కెట్ విలువలోంచి ఉద్యోగి కట్టిన సొమ్మును తీసివేయమంటుంది. ఎంత అన్నది ఎక్సర్‌సైజ్ తేదీ తేలుస్తుంది, ఎప్పుడు అన్నది కేటాయింపు తేదీ తేలుస్తుంది. నోటీసులో పొరపాటు దాదాపు ఎప్పుడూ ఈ రెంటినీ ఒకటిగా కలిపేయడం వల్లే వస్తుంది.

దీనికి బలం ఇచ్చే ఆధారాలు చట్టంలోనే మరి రెండున్నాయి. మొదటిది, అదే సెక్షన్‌లో ఆప్షన్‌కు ఇచ్చిన నిర్వచనం: ముందుగా నిర్ణయించిన ధరకు షేర్ల కోసం దరఖాస్తు చేసుకునే హక్కే తప్ప, అది బాధ్యత కాదు. ఎక్సర్‌సైజ్ అంటే దరఖాస్తు పెట్టుకోవడమే అయినప్పుడు, దరఖాస్తు పెట్టిన రోజునే షేర్లు వచ్చేశాయని అనడానికి వీల్లేదు. రెండోది సెక్షన్ 192(1C). అర్హత గల స్టార్టప్‌ల ఉద్యోగులకు పన్ను కోతను వాయిదా వేసే ఈ నిబంధన, ఏ రేట్లతో పన్ను కోయాలో చెప్పేటప్పుడు షేర్లు కేటాయించిన లేదా బదిలీ అయిన ఆర్థిక సంవత్సరపు రేట్లనే పేర్కొంటుంది. ఎక్సర్‌సైజ్ చేసిన సంవత్సరాన్ని కాదు. మీది స్టార్టప్ కాకపోయినా, పార్లమెంటు ఏ సంవత్సరాన్ని ఆ లాభం తాలూకు సంవత్సరంగా భావించిందో చూపడానికి ఈ వాక్యం పనికొస్తుంది. నా దృష్టిలో ఇది కోర్టు తీర్పుల కన్నా సూటిగా పనిచేసే వాదన.

తీర్పుల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. ఇన్ఫోసిస్ కేసులో 2008లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును చాలామంది అలవాటుగా జవాబులో చేరుస్తారు. ఆ తీర్పు 2000కు ముందు మదింపు సంవత్సరాలకు, అప్పటి నిబంధనలకు సంబంధించినది. చేతికందని ఊహాజనిత లాభాన్ని ఆదాయం అనలేమన్న సూత్రం వరకు దాన్ని ఉదహరించవచ్చు గానీ, జవాబు బరువంతా దాని మీద వేయకూడదు. మీ సంవత్సరానికి వర్తించే సెక్షన్ మాటలే మీకు అనుకూలంగా ఉన్నప్పుడు అంతకు ముందటి నిబంధనల మీద తీర్పును ముందు పెడితే, దాన్ని కొట్టివేయడం అధికారికి సులువవుతుంది.

మొదటి మెట్టు: నోటీసును తేదీల కోసం చదవడం

నోటీసు మీద డిన్ అనే పత్రపు గుర్తింపు సంఖ్య ఉందో లేదో చూసి, ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో అది అసలైనదేనని సరిచూసుకోండి. తర్వాత అది ఏ సెక్షన్ కింద వచ్చిందో చూడండి. ఇలాంటి కేసుల్లో ఎక్కువగా కనిపించేది, తిరిగి మదింపు చేసే ముందు కారణం అడిగే 148A నోటీసు. పరిశీలనలో ఉన్న రిటర్ను అయితే 142(1). రెండింటికీ జవాబులోని సారం ఒకటే. 148A నోటీసుకు మాత్రం దేని ఆధారంగా అడుగుతున్నారో ఆ సమాచారం జతచేసి ఉండాలి. అది లేకపోతే జవాబు గడువులోగానే దాన్ని రాతపూర్వకంగా అడగాలి.

ఇప్పుడు అసలు పని. నోటీసులో పేర్కొన్నది మదింపు సంవత్సరమా, ఆర్థిక సంవత్సరమా? 2023-24 మదింపు సంవత్సరం అంటే 2022-23 ఆర్థిక సంవత్సరం, అంటే 2023 మార్చి 31తో ముగిసినది. ఇది అందరికీ తెలిసిన విషయమే అయినా, కంపెనీ హెచ్‌ఆర్ విభాగం పంపే పత్రాల్లో ఆర్థిక సంవత్సరం, పన్ను శాఖ పత్రాల్లో మదింపు సంవత్సరం ఉండటంతో "2023-24" అన్న అంకెలు రెండు చోట్లా కనిపించి, సంవత్సరం సరిగ్గానే ఉందన్న భ్రమ కలిగిస్తాయి. ఫారం 16 మీద రెండూ ఉంటాయి, దాన్ని పక్కన పెట్టుకుని చదవండి. నోటీసుకు జతచేసిన జాబితాలో "తేదీ" అన్న గడి ఏ తేదీని సూచిస్తుందో కూడా గమనించండి. ఆప్షన్లు ఇచ్చిన గ్రాంట్ తేదీ, వాటిని వాడుకునే హక్కు వచ్చిన వెస్టింగ్ తేదీ, ఎక్సర్‌సైజ్ తేదీ, కేటాయింపు తేదీ, వీటిలో ఏది అక్కడుందో తేలితే అధికారి ఎక్కడ పొరబడ్డారో తేలినట్టే.

ఒక ఉదాహరణ

ఇకపై చెప్పేదంతా ఒకే ఉదాహరణతో నడుస్తుంది. భారతీయ స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టయిన ఒక కంపెనీ, తన ఉద్యోగికి 2019 అక్టోబరు 1న 2,000 ఆప్షన్లు గ్రాంట్ చేసింది. ఎక్సర్‌సైజ్ ధర షేరుకు 150 రూపాయలు. ఏటా 500 చొప్పున నాలుగేళ్లలో వెస్ట్ అవుతాయి. 2022 అక్టోబరు నాటికి 1,500 వెస్ట్ అయ్యాయి. ఉద్యోగి 2023 మార్చి 24న ఆ 1,500ను ఎక్సర్‌సైజ్ చేశాడు. ఆ రోజు షేరు 904 దగ్గర ప్రారంభమై 916 దగ్గర ముగిసింది. లిస్టయిన షేరుకు నియమం 3(8) ప్రకారం ఆ రెండింటి సగటునే మార్కెట్ విలువగా తీసుకోవాలి, అది 910 రూపాయలు.

```
(910 − 150) × 1,500 = 11,40,000
```

కంపెనీ బోర్డు కమిటీ 2023 ఏప్రిల్ 11న షేర్లను కేటాయించింది, అవి ఏప్రిల్ 19న డీమ్యాట్ ఖాతాలో జమ అయ్యాయి. కంపెనీ ఏప్రిల్ జీతంలో 11,40,000 పెర్క్విజిట్ చూపి, 30 శాతం శ్లాబు, 4 శాతం సెస్సు లెక్కన 3,55,680 రూపాయలు టీడీఎస్ జమచేసింది. ఉద్యోగి 2024-25 మదింపు సంవత్సరపు రిటర్నులో అదంతా చూపాడు. నోటీసు మాత్రం 2023-24 మదింపు సంవత్సరానికి వచ్చి, అదే 11,40,000 అప్పుడు చూపలేదేమని అడుగుతోంది.

రెండో మెట్టు: రికార్డులను ఒక వరుసలో సేకరించడం

సేకరించాల్సిన పత్రాలు చాలానే ఉన్నట్టు కనిపిస్తాయి గానీ, ప్రతి పత్రం ఒక్క తేదీని రుజువు చేయడానికే. గ్రాంట్ లేఖ, పథకం నిబంధనల ప్రతి ఒక జత. గ్రాంట్ నాడు ఉద్యోగికి దక్కింది షరతులతో కూడిన హక్కు మాత్రమేనని, ఎక్సర్‌సైజ్ తర్వాత కూడా కమిటీ కేటాయింపు చేస్తేనే వాటాదారు అవుతాడని పథకంలోని ఏ నిబంధన చెబుతుందో వెతికి, ఆ పేజీకి గుర్తు పెట్టండి. దాదాపు ప్రతి పథకంలోనూ, కేటాయింపు జరిగే వరకు డివిడెండుకు గానీ ఓటుకు గానీ హక్కు లేదన్న వాక్యం ఉంటుంది. ఈ కేసులో మీ చేతిలో ఉండే బలమైన వాక్యాల్లో అదొకటి.

ఎక్సర్‌సైజ్ దరఖాస్తు తర్వాతిది. పోర్టల్ ద్వారా చేసి ఉంటే తేదీ, సమయం, ఆప్షన్ల సంఖ్య, గ్రాంట్ సంఖ్య కనిపించే రసీదు తీసుకోండి. దానికి తోడు బ్యాంకు స్టేట్‌మెంటు. ఇక్కడే ఒక చిక్కు దాగి ఉంది. చాలా కంపెనీలు ఎక్సర్‌సైజ్ ధరతో పాటు పన్ను సొమ్మును కూడా ముందే వసూలు చేస్తాయి. మన ఉదాహరణలో మార్చి 24న ఉద్యోగి ఖాతా నుంచి ఒకే మొత్తంగా 5,80,680 రూపాయలు వెళ్లాయి. అందులో 2,25,000 షేర్ల ధర, 3,55,680 పన్ను కోసం కంపెనీ ముందుగా తీసుకున్నది. వివరణ లేకుండా ఈ స్టేట్‌మెంటు దాఖలు చేస్తే, పన్ను కట్టింది మార్చిలోనే కాబట్టి ఆదాయమూ మార్చిదేనని అధికారి దాన్నే మీ మీదికి తిప్పవచ్చు. కాబట్టి ఆ మొత్తం ఎలా విడిపోతుందో చూపే కంపెనీ లేఖ గానీ, పోర్టల్‌లోని చెల్లింపు వివరం గానీ తప్పనిసరిగా జతచేయాలి. కంపెనీ దగ్గర ముందుగా ఉంచిన సొమ్ము ఆదాయం ఎప్పుడు పుట్టిందో నిర్ణయించదని జవాబులో ఒక వాక్యం రాయాలి.

కేటాయింపుకు మూడు పత్రాలు బలంగా నిలుస్తాయి: కమిటీ తీర్మానపు ధృవీకరించిన సారం, కంపెనీ రిజిస్ట్రారుకు దాఖలు చేసిన పీఏఎస్-3 అనే కేటాయింపు ఫారం ప్రతి, షేర్ల జమను చూపే డీమ్యాట్ స్టేట్‌మెంటు. మొదటి రెండూ కంపెనీ సెక్రటరీ దగ్గరే దొరుకుతాయి. హెచ్‌ఆర్‌ను అడిగి వారాలు పోగొట్టుకునే కన్నా నేరుగా సెక్రటేరియల్ విభాగానికి మెయిల్ రాయడం మంచిది. కొత్త షేర్లు కాకుండా ట్రస్టు దగ్గరున్న షేర్లను ఇచ్చే పథకమైతే కేటాయింపు తీర్మానం ఉండదు. అప్పుడు ట్రస్టు ఖాతా నుంచి మీ ఖాతాకు బదిలీ అయిన తేదీయే ఆధారం.

చివరిగా పన్ను కట్టిన రుజువు: 2023-24 ఆర్థిక సంవత్సరపు ఫారం 16, దానికి అనుబంధమైన ఫారం 12బీఏ, ఏప్రిల్ జీతపు చీటీ, ఫారం 26ఏఎస్, 2024-25 మదింపు సంవత్సరపు రిటర్ను, దాని మీద వచ్చిన ఇంటిమేషన్. ఇందులో 12బీఏను శ్రద్ధగా చూడండి. స్టాక్ ఆప్షన్ల వరుసలో 11,40,000 ఉంటేనే కథ అతుకుతుంది. ఏప్రిల్ 11 నాటి ధరతో పొరపాటున లెక్కించి వేరే అంకె వేసి ఉంటే, అధికారి చెప్పే మొత్తానికీ మీరు చూపే మొత్తానికీ పొంతన కుదరక, ఇవి వేర్వేరు ఆదాయాలేమోనన్న అనుమానం వస్తుంది. అలా ఉంటే ఆ తేడాను మీరే ముందు బయటపెట్టి, కారణం రాయాలి.

మూడో మెట్టు: మీ కేసులో బలహీనత ఉందేమో చూసుకోవడం

జవాబు రాయడానికి ముందు రెండు పరీక్షలు పెట్టుకోండి. మొదటిది, కేటాయింపు నిజంగానే ఏప్రిల్ 1 తర్వాత జరిగిందా? ఎక్సర్‌సైజ్ మార్చి 2న, కేటాయింపు మార్చి 28న జరిగి, డీమ్యాట్‌లో జమ, టీడీఎస్ మాత్రం ఏప్రిల్‌లో పడి ఉంటే, నోటీసు చెప్పిన సంవత్సరమే సరైనదని ఒప్పుకోవాల్సి ఉంటుంది. డీమ్యాట్ జమ తేదీ కేటాయింపు తేదీ కాదు. ఆ స్థితిలో సంవత్సరం గురించి వాదించి లాభం లేదు. ఆ ఆదాయం ఏ సంవత్సరంలో పన్నుకు వస్తుందో టీడీఎస్ క్రెడిట్ కూడా ఆ సంవత్సరానికే ఇవ్వాలన్న నియమం 37BAను చూపి క్రెడిట్ అడగడం, తర్వాతి సంవత్సరంలో చూపిన ఆదాయాన్ని తొలగించమని సెక్షన్ 264 కింద దరఖాస్తు చేయడం అసలు దారి. ఆ దరఖాస్తుకు ఏడాది గడువు ఉంటుంది, ఆలస్యానికి సరైన కారణం ఉంటే మన్నించే అధికారం కమిషనర్‌కు ఉంది.

రెండో పరీక్ష షేర్లు అమ్మినవారికి. షేర్లు మన దగ్గరున్న కాలాన్ని మూలధన లాభం కోసం లెక్కించేది కూడా కేటాయింపు తేదీ నుంచే. కొన్న ధరగా తీసుకోవాల్సింది పెర్క్విజిట్‌కు వాడిన మార్కెట్ విలువను, అంటే 910ని. మన ఉద్యోగి 2024 ఏప్రిల్ 3న కొన్ని షేర్లు అమ్మాడనుకుందాం. మార్చి 24 నుంచి లెక్కిస్తే ఏడాది దాటింది, ఏప్రిల్ 11 నుంచి లెక్కిస్తే దాటలేదు. అతను దాన్ని దీర్ఘకాలిక లాభంగా చూపి ఉంటే, ఒక రిటర్నులో మార్చిని, ఇంకో జవాబులో ఏప్రిల్‌ను పట్టుకున్నట్టవుతుంది. ఇలాంటి వైరుధ్యం అధికారి కంట పడితే పెర్క్విజిట్ వాదన కూడా తేలిపోతుంది. ముందు ఆ రిటర్నును సరిదిద్దుకునే అవకాశం ఉందేమో చూసుకుని, తర్వాతే జవాబు దాఖలు చేయండి.

నాలుగో మెట్టు: జవాబు రాయడం

జవాబు సాధారణంగా ఆంగ్లంలో ఇస్తారు కాబట్టి, ఇక్కడ దాని సారాంశాన్ని తెలుగులో ఇస్తున్నాను. జవాబు రెండు పేజీలకు మించనక్కర్లేదు. మొదటి పేరాలో డిన్, సెక్షన్, మదింపు సంవత్సరం రాసి, నోటీసు మోపిన మాటను ఒక్క వాక్యంలో తిరిగి చెప్పండి. రెండో పేరా ఇలా ఉండవచ్చు:

> "నోటీసులో పేర్కొన్న 11,40,000 రూపాయలు 2019 అక్టోబరు 1 నాటి గ్రాంట్ కింద నేను 2023 మార్చి 24న ఎక్సర్‌సైజ్ చేసిన 1,500 ఆప్షన్లకు సంబంధించినవి. ఆ తేదీన నేను షేర్ల కోసం దరఖాస్తు మాత్రమే చేశాను. షేర్లను కంపెనీ 2023 ఏప్రిల్ 11న కేటాయించింది. సెక్షన్ 17(2)(vi) కింద పన్ను విధించదగినది కేటాయించిన షేర్ల విలువ గనుక, ఈ ఆదాయం 2024-25 మదింపు సంవత్సరానికి చెందుతుంది. ఎక్సర్‌సైజ్ తేదీ విలువ లెక్కింపుకు మాత్రమే వర్తిస్తుంది. ఆ లెక్క ప్రకారమే నేను 11,40,000 చూపాను."

దాని కింద నాలుగు తేదీలతో చిన్న పట్టిక ఇచ్చి, ప్రతి తేదీ పక్కన అనుబంధం సంఖ్య వేయండి: గ్రాంట్‌కు అనుబంధం 1, ఎక్సర్‌సైజ్‌కు 2, కేటాయింపుకు 3, టీడీఎస్‌కు, రిటర్నుకు 4. అధికారి పదుల కేసులు చూస్తుంటాడు. పట్టికలోంచి నేరుగా పత్రానికి వెళ్లగలిగితే మీ మాట చదువుతాడు. తర్వాత పేరాలో ఆప్షన్ నిర్వచనం, 192(1C)లోని మాటలు చూపండి. ఆపై, ఇదే ఆదాయానికి 2024-25లో పన్ను కట్టడమైందని, రెండోసారి పన్ను విధిస్తే ఒకే ఆదాయం మీద రెండుసార్లు వేసినట్టవుతుందని చెప్పండి. రెండేళ్లలోనూ శ్లాబు ఒకటే కావడం వల్ల ప్రభుత్వానికి నష్టం లేదన్న మాట కూడా చేర్చవచ్చు, కానీ ఆఖరున. దాన్నే ప్రధాన వాదన చేస్తే, సంవత్సరం తప్పని మీరే ఒప్పుకున్నట్టు ధ్వనిస్తుంది.

చివరి పేరా ప్రత్యామ్నాయ వినతి. "పై వాదనకు భంగం కలగకుండా" అన్న మాటతో మొదలుపెట్టి, ఒకవేళ ఈ ఆదాయాన్ని 2023-24లోనే చేర్చాలని నిర్ణయిస్తే 3,55,680 టీడీఎస్ క్రెడిట్‌ను అదే సంవత్సరానికి ఇచ్చి, 2024-25 నుంచి ఆ ఆదాయాన్ని తొలగించాలని కోరండి. ఈ పేరా రాయని వాళ్లు తర్వాత అప్పీలులో దాని గురించి తంటాలు పడటం చూశాను.

ఐదో మెట్టు: దాఖలు చేయడం, ఆ తర్వాత

పోర్టల్‌లో `Pending Actions` కింద `e-Proceedings` తెరిచి, ఆ నోటీసుకు ఎదురుగా జవాబును, అనుబంధాలను ఎక్కించండి. అనుబంధాల ఫైళ్లకు "స్కాన్1" వంటి పేర్లు కాక, పట్టికలోని సంఖ్యలే పేర్లుగా పెట్టండి. కంపెనీ నుంచి తీర్మానపు సారం రావడం ఆలస్యమైతే గడువు పొడిగింపు అడిగే `Seek Adjournment` ఉంది. అయితే చివరి రోజు దాకా ఆగి అడిగితే దొరకకపోవచ్చు. చేతిలో ఉన్న పత్రాలతో గడువులోపు జవాబు వేసి, తీర్మానం తర్వాత పంపుతానని రాయడం మరింత క్షేమం. దాఖలు చేశాక వచ్చే రసీదు సంఖ్యను, ఎక్కించిన ఫైళ్ల నకళ్లను ఒకే చోట దాచుకోండి.

148A దశలో అధికారి మీ జవాబును ఒప్పుకుంటే, తిరిగి మదింపు అవసరం లేదని ఉత్తర్వు ఇస్తారు. ఒప్పుకోకపోతే అదే ఉత్తర్వులో కారణాలు రాసి, సెక్షన్ 148 నోటీసు ఇస్తారు. ఆ ఉత్తర్వు మీద కమిషనర్ అప్పీల్స్‌కు వెళ్లే దారి లేదు. హైకోర్టులో రిట్ వేయాలి, లేదా మదింపు పూర్తయ్యే దాకా ఆగి, ఆ మదింపు ఉత్తర్వు అందిన 30 రోజుల్లో ఫారం 35లో అప్పీలు చేయాలి. ఉత్తర్వులో మొదట చూడాల్సింది, ఏప్రిల్ 11 నాటి కేటాయింపు పత్రాన్ని అధికారి ప్రస్తావించారా లేదా అన్నది. ప్రస్తావించకుండా పక్కన పెట్టి ఉంటే, రిట్‌కైనా అప్పీలుకైనా మొదటి కారణం అదే అవుతుంది.